E° మైనస్ వచ్చింది, అయినా చర్య జరుగుతుందట! ఎలా?

సుమతి_కెమ్
లెక్క ఇది: Fe³⁺ + Ag ⇌ Fe²⁺ + Ag⁺. 0.77 లోంచి 0.80 తీసేస్తే E° = −0.03 V. ΔG° = −nFE° ప్రకారం +2.9 kJ వచ్చింది. ప్లస్ కదా అని "చర్య జరగదు" అని రాశాను, మార్కులు పోయాయి. తప్పెక్కడ? ఇంకోటి, 0.0592 అనేది 25 డిగ్రీలకే పనికొస్తుందా?

ఎలక్ట్రాన్_బాబు
మీరు రాసింది కరెక్టే. E° మైనస్ అయితే అంతే సంగతులు. దిద్దినవాళ్లదే తప్పు.

పాత_మాస్టారు
ఇరవై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను బాబూ, అంత తొందరొద్దు. log K = nE°/0.0592 వేసి చూడండి, K = 0.31 వస్తుంది. సున్నా కాదుగా! 0.1 M Fe³⁺ లో వెండి ముక్క వేసి x²/(0.1 − x) = 0.31 సాధిస్తే x దాదాపు 0.08. అంటే Fe³⁺ లో ఐదింట నాలుగు వంతులు మారిపోతుంది. ఆ E° గుర్తు అన్నీ 1 M ఉన్నప్పటి మాట. మొదట్లో Ag⁺ అసలు లేదు కాబట్టి ముందుకే నడుస్తుంది.

ఎలక్ట్రాన్_బాబు
అయితే సమీకరణాన్ని 2 తో గుణిస్తే E° −0.06 అవుతుంది, K ఇంకా తగ్గుతుంది. అప్పుడు మీ ఐదింట నాలుగు ఏమైనట్టు?

పాత_మాస్టారు
E° ని ఎవరు గుణించమన్నారు? అది −0.03 గానే ఉంటుంది. n రెట్టింపవుతుంది కాబట్టి ΔG° 5.8 అవుతుంది, K వర్గమై 0.096 అవుతుంది.

ఎలక్ట్రాన్_బాబు
K మారిందని మీరే ఒప్పుకున్నారుగా! ఇరవై ఏళ్లు ఇదేనా చెప్పింది?

నీలిమ_ల్యాబ్
గొడవెందుకండీ. K వర్గమైతే దాని సమీకరణంలో గాఢతల ఘాతాలు కూడా అన్నీ రెట్టింపవుతాయి. వర్గమూలం తీస్తే మళ్లీ అదే x. బీకరుకి మీరు సమీకరణం ఎలా రాశారో తెలియదు.

రవి_పీసీ
నేను FeCl₃ తో చేసి చూశాను. వెండి మీద తెల్లటి పొర కట్టింది, లెక్కకీ దానికీ పొంతనే లేదు.

నీలిమ_ల్యాబ్
అది AgCl. క్లోరైడ్ Ag⁺ ని ఎప్పటికప్పుడు అవక్షేపంగా లాగేస్తుంటే 0.31 లెక్క ఎలా కుదురుతుంది? నైట్రేట్‌తో చేయండి, కొంచెం ఆమ్లం కలపండి, లేకపోతే Fe³⁺ హైడ్రాక్సైడ్‌గా పడిపోతుంది. అప్పుడు కూడా కచ్చితంగా 0.31 రాదు. E° లో 10 mV తేడా వస్తే చాలు, n = 1 కే K దాదాపు ఒకటిన్నర రెట్లు మారుతుంది. రెండు దశాంశాల E° తో K కి అంతకన్నా నమ్మకం ఉండదు.

ఎలక్ట్రాన్_బాబు
సరే, ఘాతాల సంగతి ఒప్పుకుంటా. కానీ "జరగదు" అన్నదానికి సగం మార్కులైనా ఇవ్వాలి.

సుమతి_కెమ్
నా 0.0592 ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు 🙂