రోజుకి 5,000 గది పరిమితి ఉన్న పాలసీ తీసుకోవచ్చా?

కరీంనగర్_కిరణ్
నాన్నకి 61, అమ్మకి 57. ఇద్దరికీ కలిపి 5 లక్షల పాలసీ ఒకటి ఏజెంట్ చూపించాడు. ప్రీమియం తక్కువే. గది అద్దె రోజుకి బీమా మొత్తంలో 1 శాతం వరకే అట, ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం కో-పే అట, ముందే ఉన్న జబ్బులకి 3 ఏళ్ల వెయిటింగ్ అట. అమ్మకి షుగర్ ఉంది. మా ఇంట్లో ఇదే మొదటి పాలసీ. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాల్సి వస్తే మా జేబులోంచి ఎంత పోతుంది?

శ్రీను_వైజాగ్
5 లక్షల్లో 1 శాతం అంటే రోజుకి 5,000. 8,000 గది తీసుకుంటే మిగతా 3,000 మీరు కట్టాలి. నాలుగు రోజులుంటే 12,000. దీని కోసం ప్రతి ఏడాదీ ఎక్కువ ప్రీమియం కట్టడం దండగ.

బిల్లింగ్_కౌంటర్
శ్రీను గారూ, డిశ్చార్జి రోజు మా కౌంటర్ దగ్గర గొడవలన్నీ ఈ 12,000 లెక్క నమ్ముకుని వచ్చినవాళ్లతోనే. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పని నాది.

చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో గది మారితే సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా మారతాయి. అందుకే కంపెనీ గది అద్దెని ఏ నిష్పత్తిలో కోస్తుందో వీటినీ అదే నిష్పత్తిలో కోస్తుంది. కిరణ్ గారూ, మీ పాలసీతోనే చూద్దాం. నాలుగు రోజులు, 8,000 గది. అద్దె 32,000. డాక్టర్ల ఫీజులు, థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000. మందులు, పరీక్షలు 68,000. మొత్తం 2,60,000.

8,000కి 5,000 అంటే 62.5 శాతం. గదికి 20,000 ఇస్తారు, ఫీజులకి 1,00,000 ఇస్తారు. మందుల్ని, పరీక్షల్ని, శరీరంలో పెట్టే స్టెంట్ లాంటివాటిని ఈ నిష్పత్తిలో కోయకూడదు కాబట్టి 68,000 పూర్తిగా వేసుకోండి. అంటే 1,88,000. మీరు కట్టేది 12,000 కాదు, 72,000.

ఇంకా కో-పే ఉంది. ఆ 1,88,000లో 20 శాతం, అంటే 37,600 మీదే. చివరికి మీ జేబులోంచి 1,09,600. గ్లవ్స్ లాంటి, పాలసీ ఇవ్వని వస్తువులు ఈ లెక్కలో లేవు.

శ్రీను_వైజాగ్
ఐసీయూకి కూడా ఇలాగే కోస్తారా?

బిల్లింగ్_కౌంటర్
ఐసీయూ చార్జీలకి ఈ నిష్పత్తి కోత లేదు. కానీ ఐసీయూకి విడిగా రోజు పరిమితి ఉండొచ్చు, చూసుకోవాలి. అన్ని గదులకీ ఒకే రేటు వేసే ఆస్పత్రిలో కూడా ఫీజులు కోయకూడదు. ఆ సంగతి డిశ్చార్జి రోజు కాదు, చేరేటప్పుడే అడగండి.

శాంతి_ఖమ్మం
మా ఆయన ఆఫీసు పాలసీలో అత్తయ్యకి మొదటి నెలలోనే షుగర్ క్లెయిమ్ ఇచ్చారండీ. వెయిటింగ్ అని ఎవరూ అనలేదు. ఏజెంట్ భయపెడుతున్నాడేమో.

బిల్లింగ్_కౌంటర్
అది గ్రూప్ పాలసీ అమ్మా, చాలావాటిలో వెయిటింగ్ ఎత్తేస్తారు. ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది. కిరణ్ గారు సొంతంగా కొంటున్నారు.

రాజు_గుంటూరు
షుగర్ సంగతి రాయకు బ్రదర్. 5 ఏళ్లు దాటితే కంపెనీ ఏం అడగలేదు, రూలే ఉంది.

బిల్లింగ్_కౌంటర్
రూల్ ఉన్నమాట నిజం. 60 నెలలు ఆగకుండా కట్టాక, దాచారన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయలేరు. మోసమని రుజువైతే మాత్రం ఆ రక్షణ లేదు. అసలు ఈ లోపు కాలికి పుండు పడి చేరితే? కేస్ షీట్‌లో డాక్టర్ మొదట రాసేదే 'ఆరేళ్లుగా షుగర్' అని. కంపెనీ అడిగేది ఆ కాగితమే. చెప్పి కొంటే 3 ఏళ్లు ఆగాలి, 2024 ఏప్రిల్ నుంచి అంతకు మించి పెట్టకూడదు. దాచితే పాలసీయే రద్దు కావచ్చు.

షుగర్ ఒక్కటే కాదు కిరణ్ గారూ. కంటి శుక్లం, హెర్నియా, మోకాలి చిప్ప మార్పిడి లాంటివాటికి జబ్బు కొత్తగా వచ్చినా చాలా పాలసీల్లో 2 ఏళ్లు ఆగాలి. మొదటి 30 రోజుల్లో ప్రమాదాలకి తప్ప దేనికీ ఇవ్వరు.

కరీంనగర్_కిరణ్
ఇంకో కంపెనీది చూశాను. గదికి రూపాయల పరిమితి లేదు, 'సింగిల్ ప్రైవేట్ ఏసీ' అని రాసుంది. కో-పే లేదు. ప్రీమియం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు.

బిల్లింగ్_కౌంటర్
నేనైతే అదే కొంటాను. ఆస్పత్రి రేటు పెంచినా మీ గది అర్హత తగ్గదు. డీలక్స్, సూట్ జోలికి పోతే మాత్రం మళ్లీ అదే కోత.

శ్రీను_వైజాగ్
ఒకటిన్నర రెట్లు ప్రతి ఏడాదీ కట్టాలి కదండీ. మొదటిదే కొని, 5,000 లోపు షేరింగ్ గదిలో ఉంటే కో-పే ఒక్కటే పడుతుంది.

బిల్లింగ్_కౌంటర్
దొరికితే సరే. డెంగీ సీజన్‌లో రాత్రి పదకొండుకి వస్తే షేరింగ్‌లో మంచం ఖాళీ ఉండదు. అప్పుడు ఏ గది ఉంటే అందులో చేరాల్సిందే.

కరీంనగర్_కిరణ్
కో-పే ఉంచి, గది పరిమితి మాత్రం తీసేసే పాలసీ ఎవరైనా అమ్మానాన్నలకి తీసుకున్నారా? రెండిట్లో గది షరతే ఎక్కువ భయపెడుతోంది.