హైదరాబాద్ కార్డు మీద స్టోరేజ్ ప్లాన్ ఆగిపోయింది, ఏం చేయాలి?

శ్రీకాంత్:
అందరికీ నమస్కారం. ఈమధ్యే హైదరాబాద్ నుంచి మ్యూనిక్ వచ్చాను. గూగుల్ వన్ 100 జీబీ ప్లాన్‌కి కూకట్‌పల్లి బ్రాంచి డెబిట్ కార్డు పెట్టుకున్నాను, నెలకు 130 రూపాయలు. బయల్దేరే ముందు పాత కార్డు గడువు అయిపోతే కొత్తది ఇచ్చారు. దాన్ని గూగుల్‌లో ఎక్కించాను, ఓటీపీ కూడా వచ్చింది. ఇప్పుడు పేమెంట్ ఫెయిల్ అని మెయిల్. ఖాతాలో డబ్బుంది. ఇప్పటికే 62 జీబీ వాడాను. ఫొటోలు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

రమేశ్:
తమ్ముడూ, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసి లిమిట్ పెట్టు. 2020 నుంచి కొత్త కార్డులన్నీ అది ఆఫ్‌లోనే వస్తున్నాయి. అంతే, పని అయిపోతుంది. తొందరపడు, వారంలో ఫొటోలు తీసేస్తారు.

శ్రీకాంత్:
అది నిన్ననే ఆన్ చేశాను అన్నా. రెండుసార్లు Retry కొట్టినా పోలేదు.

వెంకట్రావు:
మాదీ ఇదే గోల. మియాపూర్‌లో గోడౌన్‌లో సామాను పెట్టి వచ్చాం, నెలనెలా అద్దె కట్ కావట్లేదు. మా బావమరిది వెళ్ళి నగదు కట్టి వస్తున్నాడు. మీ గోడౌన్ వాళ్ళు యూపీఐ తీసుకుంటారేమో అడగండి.

పద్మజ:
వెంకట్రావు గారూ, ఆయన అడిగేది ఫోన్‌లోని ఫొటోలు, మెయిల్ దాచుకునే స్టోరేజ్ గురించి అండీ.

శ్రీకాంత్, రమేశ్ గారు చెప్పింది సగమే. నీ కార్డుకి రెండు తాళాలున్నాయి. ఇంటర్నేషనల్ స్విచ్ ఒకటి. ధర రూపాయల్లో కనిపిస్తోంది కదా అని ఆ తాళం అడ్డురాదనుకోవద్దు. అమ్మేవాళ్ళ ఖాతా విదేశీ బ్యాంకులో ఉంటే అది విదేశీ చెల్లింపే.

రెండోది మ్యాండేట్. నెలనెలా దానంతట అదే కట్ కావాలంటే, ఆ కార్డు మీద నువ్వు ముందుగా ఒకసారి ఓటీపీతో అనుమతి ఇచ్చి ఉండాలి. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ఇది. ఆ అనుమతి కార్డుకి కట్టి ఉంటుంది, ఖాతాకి కాదు. పాత కార్డుతోపాటే నీ పాత అనుమతీ పోయింది. కొత్త కార్డు ఎక్కించినప్పుడు వచ్చిన ఓటీపీ కార్డు నీదేనని చూసుకోవడానికి వచ్చి ఉంటుంది. నెలనెలా కట్ చేసుకోవడానికి అది అనుమతి కాదు.

దీన్ని తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. మ్యాండేట్ ఉంటే, డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ వచ్చిందా?

శ్రీకాంత్:
ఆ సిమ్ ఉన్న ఫోన్ ఇంట్లోనే వదిలి వచ్చాను అక్కా. నాన్నగారు చూశారు. గత నెలలది ఉంది, ఈ నెలది లేదు.

పద్మజ:
అయితే మ్యాండేటే లేదు. మెసేజ్ వచ్చాక ఫెయిల్ అయ్యుంటే బ్యాలెన్సో, లిమిటో, ఇంటర్నేషనల్ స్విచ్చో అని వెతికేవాళ్ళం.

ఇక Retry కొట్టకు, అలా ఎన్నిసార్లు కొట్టినా అనుమతి పుట్టదు. ఆ కార్డుని గూగుల్‌లోంచి తీసేసి, ప్లాన్‌కి మళ్ళీ కొత్తగా జతచెయ్యి. బ్యాంకు పేజీ తెరుచుకుని ఓటీపీ అడగాలి, ఆ పేజీలో నెలనెలా చెల్లింపు అన్న మాట కనబడాలి. సాయంత్రం ఆరింటికి కూర్చో, వేసవి కాలమానంలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ముందే నాన్నగారికి ఫోన్ చేసి లైన్లో ఉంచుకో, ఓటీపీ కాసేపే పనిచేస్తుంది. తర్వాత బ్యాంకు యాప్‌లో Standing Instructions లేదా e-Mandate అన్నచోట గూగుల్ పేరు వచ్చిందో లేదో చూడు. అక్కడ పేరు లేకపోతే, ఈ నెల డబ్బు కట్టినా వచ్చే నెల మళ్ళీ ఇదే కథ.

ఫొటోల భయం వద్దు, వారంలో తీసేయరు. ఉచిత 15 జీబీ దాటి రెండేళ్ళు అలాగే ఉంటే అప్పుడు తీసేయవచ్చు. నన్నడిగితే అసలు భయపడాల్సింది మెయిల్ గురించి. ప్లాన్ పోతే జీమెయిల్‌కి కొత్త ఉత్తరాలు రావు, నువ్వూ పంపలేవు. వీసా ఆఫీసు అపాయింట్‌మెంట్ మెయిల్ ఆ అడ్రస్‌కే వస్తుంటే, ఈ రాత్రే పెద్ద వీడియోలు లాప్‌టాప్‌లోకి దింపుకుని, గూగుల్‌లోంచి తీసేసి, వాళ్ళకి ఇంకో అడ్రస్ కూడా ఇవ్వు.

శ్రీకాంత్:
అయింది అక్కా! బ్యాంకు పేజీ వచ్చింది, నాన్నగారు ఓటీపీ చదివారు, లిస్టులో గూగుల్ పేరు కనిపిస్తోంది. మెయిల్ కూడా ఆగలేదు.

లక్ష్మి:
ఇక్కడ స్థిరపడ్డాక ఆ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా మార్చాలి కదా. అప్పుడు కార్డూ మారితే మ్యాండేట్ మళ్ళీ పెట్టుకోవాలి. పైగా చాలా బ్యాంకుల ఎన్ఆర్ఓ కార్డులు దేశం లోపలే పనిచేస్తాయి. జర్మనీ కార్డుకే మారిపోవడం మేలు.

రమేశ్:
దానికి గూగుల్ ప్లేలో దేశం మార్చాలి, ఒకసారి మారిస్తే ఏడాది వరకు వెనక్కి రాలేం. మా ఇంట్లో ఇండియా యాప్‌లు ఇంకా కావాలి, అందుకే నేను మార్చలేదు. కుటుంబ ప్లాన్ పంచుకుంటున్నవాళ్ళు దేశం మార్చినప్పుడు ఇండియాలో ఉన్నవాళ్ళ సంగతి ఏమైంది? చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.