వెనక్కి వాలితే నడుము చురుక్కుమంటోంది, ఏ కదలికలు మేలు?

ఆరు వారాలుగా నడుము కింద, వెన్నెముకకు కుడిపక్కన బొటనవేలంత చోట నొప్పి. పై అరలో డబ్బా అందుకోబోయి వెనక్కి వాలితే చురుక్కుమంటుంది, ముందుకు వంగి కూర్చుంటే సర్దుకుంటుంది. కాలిలోకి పాకదు, తిమ్మిరి లేదు. వెన్నుపూసల వెనకుండే ఫేసెట్ కీళ్లు వెనక్కి వంగినప్పుడు ఒకదాన్నొకటి నొక్కుకుని రేగుతున్నాయని ఫిజియోథెరపిస్ట్ అన్నారు. నడుము నొప్పికి మంచిదని రోజూ భుజంగాసనం వేశాను, దాంతోనే ముదిరిందనిపిస్తోంది. ఇప్పుడది మానేశాను. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు రెండూ ఛాతీకి లాక్కుని 20 సెకన్లు ఉంటే ప్రాణం లేచొస్తుంది, కానీ అరగంట నిలబడితే మళ్లీ మొదలు.

పొత్తికడుపు బిగించి నడుమును నేలకు అదిమే పెల్విక్ టిల్ట్ చేసినవాళ్లున్నారా? నిలబడినప్పుడు వచ్చే నొప్పి దానితో తగ్గిందా? వెనక్కి వంగడం మళ్లీ ఎప్పుడు, ఎంత మేర మొదలుపెట్టారు?