సగటు తగ్గిపోతోంది: ఖాళీ గడినీ సున్నానీ ఒకే గాటన కట్టవచ్చా?

ఐరాల పాలకేంద్రం: ఒక రైతు వారం పాల సగటు ఎక్సెల్ రోజువారీ షీట్‌లో 7.2 లీటర్లు వస్తోంది. అవే గడులను నెలవారీ షీట్‌కు లింకు చేస్తే 5.14 వస్తోంది. రెండు చోట్లా AVERAGE సూత్రమే ఉంది, ఖాళీ గడులు రెండు షీట్లలోనూ ఖాళీగానే కనబడుతున్నాయి. ఏడు రోజుల అంకెలు ఇవి: 8, 9, ఖాళీ, 10, 0, 9, ఖాళీ. ఎందుకు తగ్గుతోంది?

చిత్తూరు అకౌంటెంట్: సున్నాలే మీ సగటును కిందికి లాగుతున్నాయి. వాటిని వదిలేసే సూత్రం పెట్టండి, సగటు 9 వస్తుంది.

```
=AVERAGEIF(B2:B8,"<>0")
```

తిరుపతి షీట్లు: అయ్యా, ఆ సూత్రం పనిచేస్తుంది గానీ అయిదో రోజున నిజంగా రాసిన సున్నాను కూడా తుడిచేస్తుంది. అసలు సంగతి లింకులో ఉంది. ఖాళీ గడిని `=Daily!B4` అని లింకు చేస్తే ఎక్సెల్ ఖాళీని తీసుకురాదు, 0 తెస్తుంది. AVERAGE ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు, సున్నాను మాత్రం తీసుకుంటుంది. అందుకే మొత్తం 36 లీటర్లే అయినా, రోజువారీ షీట్ దాన్ని 5తో భాగిస్తుంటే నెలవారీ షీట్ 7తో భాగిస్తోంది. నెలవారీ షీట్‌లో `=COUNT(B2:B8)` కొట్టి చూడండి, 7 వస్తే కారణం ఇదే. గడులు ఖాళీగా కనబడుతున్నాయంటే ఆ షీట్‌కు సున్నాలను చూపించే ఆప్షన్ ఎవరో తీసేసి ఉంటారు. లింకును ఇలా మార్చండి:

```
=IF(Daily!B4="","",Daily!B4)
```

నిజమైన సున్నా అలాగే నిలుస్తుంది, ఖాళీ సగటులోకి రాదు. కాకపోతే ఆ గడిని ప్లస్ గుర్తుతో నేరుగా కూడితే #VALUE! వస్తుంది కాబట్టి కూడికలకు SUM వాడండి.

కాణిపాకం టీచర్: మా బడి మార్కుల పట్టికలోనూ ఇదే గొడవ. పరీక్షకు రాని పిల్లవాడికి ఖాళీ వదిలితే, రాసి సున్నా తెచ్చుకున్నవాడి కంటే వాడి సగటు మెరుగ్గా ఉంటుంది. ఇది న్యాయమా? ఖాళీని కూడా సున్నాగానే లెక్కించాలి.

చిత్తూరు అకౌంటెంట్: పాల కేంద్రానికీ పరీక్షకూ పొంతన లేదు. పాలు పోయని రోజును సగటులో కలపడం ఎందుకని నేను అడుగుతున్నాను. సున్నా ఎవరు రాసినా, లింకు తెచ్చినా, దాన్ని తీసేయాల్సిందే.

తిరుపతి షీట్లు: ఆ సున్నా ఎందుకు రాశారో తెలుసుకోకుండా ఎలా తీసేస్తారు? ఐరాల గారూ, అయిదో రోజున ఏమి జరిగింది?

ఐరాల పాలకేంద్రం: పాలు తెచ్చారు, విరిగిపోయాయని తిప్పి పంపాము. మూడో రోజు కూలర్ చెడిపోయి కేంద్రమే తెరవలేదు. ఏడో రోజు ఆ రైతు రాలేదు. ఆ రెండు రోజులకూ ఏమీ రాయలేదు.

పలమనేరు రైతు: ఇప్పుడు బయటపడింది అసలు విషయం! మా ఊళ్లోనూ కేంద్రం మూసిన రోజులను నా సగటులో సున్నాలుగా కలిపి నాకు దాణా బస్తాలు తగ్గించారు. ఆవు పాలిచ్చింది, కొనేవాళ్లే లేరు. మీరు సూత్రాల గురించి కొట్లాడుకుంటున్నారు, దాని వల్ల కోత పడేది మాకు.

కాణిపాకం టీచర్: మూసిన రోజును కలపకూడదని నేనూ ఒప్పుకుంటాను. కానీ రైతు తనంతట తాను రాని రోజును వదిలేస్తే, వారంలో ఒక్క రోజు 10 లీటర్లు పోసినవాడి సగటు కూడా 10 అవుతుంది కదా.

తిరుపతి షీట్లు: టీచర్ గారి మాటలో బలముంది, ఏడో రోజును సున్నాగా తీసుకుంటే 36ను 6తో భాగించాలి, సగటు 6 అవుతుంది. అయితే మూసిన రోజుకూ రైతు రాని రోజుకూ ఒకటే ఖాళీ వదిలితే ఏ సూత్రమూ వాటిని విడదీయలేదు. రాసేటప్పుడే తేడా చూపాలి: మూసిన రోజున గడిలో "సెలవు" అని రాయండి, AVERAGE అక్షరాలను వదిలేస్తుంది, లింకులోనూ ఆ మాటే వస్తుంది. AVERAGEA మాత్రం వాడకండి, అది ఆ మాటను సున్నాగా లెక్కిస్తుంది.

చిత్తూరు అకౌంటెంట్: రోజుకు సగటున ఎంత పోస్తాడన్నది వేరు, పోసిన రోజున ఎంత పోస్తాడన్నది వేరు. నాకు రెండోదే కావాలి, దానికి నా సూత్రమే సరైనది.

ఐరాల పాలకేంద్రం: COUNT 7 వచ్చింది. లింకులు మార్చి మూడో రోజున "సెలవు" రాశాను, ఇప్పుడు రెండు షీట్లూ 7.2 చూపుతున్నాయి. ఏడో రోజును ఖాళీగా ఉంచాలా, సున్నా రాయాలా అన్నది సంఘం సమావేశంలో పెడతాను.

పలమనేరు రైతు: ఆ సమావేశానికి ఆ రైతును కూడా పిలవండి. అతను ఎందుకు రాలేదో మీలో ఎవరూ అడగలేదు.