మతమార్పిడి మీద లిటరేచర్ రివ్యూ: గైడ్ "కిరాణా చిట్టా" అని వెనక్కి పంపారు

తరమణి_బస్సు
చెన్నైలో సోషియాలజీ పీహెచ్‌డీ, రెండో ఏడు. ఒంగోలు వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగు క్రైస్తవ కుటుంబాల మీద పని. రివ్యూ చాప్టర్ 46 పేజీలు వచ్చింది. 1902 నాటి విలియం జేమ్స్‌తో మొదలుపెట్టి ఏడాది వరసలో ఒక్కొక్కరికి ఒక పేరా ఇచ్చుకుంటూ పోయాను. ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆవిడ అలా అన్నారు. గైడ్ ఎర్ర పెన్నుతో "ఇది కిరాణా చిట్టా" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేశారు. డాక్టోరల్ కమిటీ, అదే డీసీ, మీటింగ్‌కు ఇంకా మూడు వారాలే. వరస మార్చాలా, పుస్తకాలే మార్చాలా?

ఫిల్టర్_కాఫీ
ఇంత టెన్షన్ ఎందుకండీ. లాఫ్లాండ్, స్టార్క్ 1965లో ఏడు మెట్ల మోడల్ ఇచ్చారు కదా. మనసులో అలజడి, వెతుకులాట, జీవితంలో ఒక మలుపు, ఆ గుంపులో స్నేహాలు, బయటి బంధాలు సడలడం, అలా. ఒక్కో మెట్టు ఒక ఉపశీర్షిక. మీ పుస్తకాలన్నీ వాటి కింద సర్దేయండి. నేను అలాగే చేసి గట్టెక్కాను. పాత మిషనరీ పుస్తకాలు తీసేయండి, ఎవరూ చదవరు.

గిండీ_గోపాలం
మా ఇంట్లోనూ ఇదే గొడవ. తాతగారు బాప్తిస్మం తీసుకున్నారు, నాన్నగారికి సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంది, నాకు బీసీ-సీ రాయించుకోమంటున్నారు. ఏ ఆఫీసులో అడగాలో తెలిస్తే చెప్పండి.

తరమణి_బస్సు
గోపాలం గారూ, నేనడిగింది చాప్టర్ గురించండీ. సర్టిఫికెట్ల సంగతి నాకు తెలియదు.

మల్లేశ్వరం_మేడమ్
బెంగళూరులో పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు ఫిల్టర్_కాఫీ గారికి. స్నేహాల సంగతి మీరు చెప్పింది నిజమే, మెట్లతోనే చిక్కు. ఆ మోడల్ పుట్టింది అమెరికా పశ్చిమ తీరంలో, అప్పటికి ఎవరికీ తెలియని ఒక చిన్న కొరియన్ మత బృందాన్ని చూసి. 1977లో లాఫ్లాండే వెనక్కి తిరిగి చూసుకుని, మారే మనిషిని తాము మరీ చేతకానివాడిలా చూపించామని రాశారు. 1980లో స్నో, ఫిలిప్స్ అమెరికాలోని ఒక జపాన్ బౌద్ధ శాఖ మీద ఆ ఏడింటినీ పరీక్షించి చూస్తే, గట్టిగా నిలిచినవి లోపలి స్నేహబంధాలు, పదేపదే కలవడం మాత్రమే. 1984లో గ్రైల్, రూడీ పది అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చూసినా దాదాపు అదే తేలింది. కాబట్టి 1965 పేపరొక్కటే చెప్పి ఊరుకుంటే, చదివేవారికి మీరు ఆ తర్వాతి మూడూ చూడలేదని తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం, బస్సు గారూ. చర్చిలో సాక్ష్యం చెప్పడం విన్నారా? ముందు పాత జీవితం, తర్వాత కష్టం, తర్వాత పిలుపు, తర్వాత కొత్త జీవితం. పదేళ్లు ప్రతి కూడికలో చెప్పిచెప్పి ఆ కథ నున్నగా అయిపోతుంది. పరిశోధకుడు వెళ్లి "మీరెలా మారారు?" అని అడిగితే వినిపించేదీ అదే. ఇతను దాన్ని రాసుకుని "మార్పుకు ముందు సంక్షోభం ఉంటుంది" అని తేల్చేస్తాడు. సంక్షోభం ఆ మనిషి జీవితంలో ఉందా, సాక్ష్యం చెప్పే పద్ధతిలో ఉందా? 1978లో బెక్‌ఫర్డ్ బ్రిటన్‌లో యెహోవా సాక్షుల దగ్గర ఇదే చూశారు. వాళ్ల కథల్లో ఉరుములూ మెరుపులూ లేవు, మెల్లమెల్లగా నేర్చుకుంటూ వచ్చామంటారు, ఎందుకంటే ఆ సంస్థ మార్పును అర్థం చేసుకునే తీరే అది.

అందుకని ఏడాది వరస వదిలేసి, ఏ ఆధారం మీద ఏ మాట నిలబడిందో చూసి సర్దండి. ఎక్సెల్‌లో నాలుగు కాలమ్స్ చాలు. ఎవరిని అడిగారు. మారిన ఎన్నాళ్లకు అడిగారు. లెక్కకు యూనిట్ మనిషా, కుటుంబమా, ఊరా. ఆ మాటకు ఎదురు నిలిచే ఆధారం ఇంకెక్కడైనా ఉందా. రెండో కాలమ్ దగ్గరే సగం పుస్తకాలు జవాబివ్వవు. అదీ రాయాల్సిన సంగతే.

మీ ఒంగోలునే తీసుకోండి. 1876-78 కరువులో మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపించారు. కరువు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. "తిండి కోసం మారారు" అనేవారూ ఇదే చూపిస్తారు, "తిండికైతే అప్పుడే మారేవారు, ఆపారు కదా" అనేవారూ ఇదే చూపిస్తారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది మిషన్ వాళ్లు రాసిపెట్టుకున్న కథే. క్లౌ ఆత్మకథ 1914లో, ఆయన పోయాక వచ్చింది, భార్య సిద్ధం చేశారు. అదే కథలో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. మాదిగవాడల్లో యోగమార్గం చెబుతూ తిరిగిన మనిషి, బాప్తిస్మం 1866లో, కరువుకు పదేళ్ల ముందు. అతని చుట్టాల దారిలోనే మాట పల్లె నుంచి పల్లెకు పాకింది. స్నో, ఫిలిప్స్ దగ్గర మిగిలిన స్నేహబంధం ఇక్కడా ఉంది, కాకపోతే మారింది ఒంటరి మనిషి కాదు, వాడ. బంధాలు తెగలేదు, ఉన్న బంధాలతో సహా కదిలారు. బయటి బంధాలు సడలాలన్న మెట్టు ఇక్కడ పనికిరాదు. ఇలా ఒక్క పేరా రాస్తే చిట్టా కాస్తా వాదం అవుతుంది.

గోపాలం గారి ప్రశ్న దారి తప్పిందనకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, తర్వాత 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. ఆంధ్రలో క్రైస్తవులైన దళితులు బీసీ-సీ. అందువల్ల ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం కాగితంలో హిందువుగా ఉండటం మామూలే. సెన్సస్ అంకెతో మార్పిడిని కొలిచిన అధ్యయనం ఏదైనా మీ చాప్టర్‌లో ఉంటే, ఈ మాట దాని పక్కనే రావాలి.

గిండీ_గోపాలం
అయితే నేను పనికొచ్చాను. ఆఫీసు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫిల్టర్_కాఫీ
1977 పేపర్ సంగతి నాకు నిజంగా తెలియదు. నా థీసిస్ బైండింగ్ అయిపోయింది, ఇక తెరవను. కానీ మేడమ్, సాక్ష్యాలన్నీ అల్లినవే అంటే ఇంటర్వ్యూలు చేసి లాభమేంటి?

మల్లేశ్వరం_మేడమ్
అల్లినవి అనలేదండీ. ఎలా చెబుతున్నారో కూడా డేటాయే అన్నాను. సాక్ష్యం అయ్యాక చాయ్ తాగుతూ "మీ ఊళ్లో మీకంటే ముందు ఎవరు వెళ్లారు?" అని అడగండి. జవాబులో మేనమామో, వదినో వస్తుంది. వేదిక మీద ఆ మనిషి కనబడడు.

తరమణి_బస్సు
నిన్న రాత్రి 61 ఎంట్రీలు షీట్‌లోకి ఎక్కించాను. మారిన ఎన్నాళ్లకు అడిగారన్న కాలమ్‌లో 38 ఖాళీలు. మా అమ్మ సాక్ష్యం కూడా గుర్తొచ్చింది. ప్రతిసారీ నా టైఫాయిడ్‌తో మొదలవుతుంది, మా అత్త తనను మొదటిసారి చర్చికి తీసుకెళ్లిన సంగతి ఒక్కసారీ రాదు.

నేథనియల్ రాబర్ట్స్ 2016 పుస్తకం మాత్రం ఎక్కడా ఇమడటం లేదు. ఇక్కడి చెన్నై మురికివాడ మీదే, పెంతెకొస్తు ఆడవాళ్ల గురించి. ఆయన అక్కడే ఉండి చూశారు, కథలు మాత్రమే వినలేదు. మతం మారితే వాడ చీలిపోతుందన్న గోల బయటి రాజకీయాల్లో ఉంది కానీ ఆ వాడలో లేదంటారు. యూనిట్ మనిషి అని వేయనా, వాడ అని వేయనా?

మల్లేశ్వరం_మేడమ్
మారింది ఆడవాళ్లు ఒక్కొక్కరుగా, అర్థం వచ్చింది వాడ మధ్య. రెండూ వేసి పక్కన నోట్ పెట్టండి.

వేపేరి_వాసు
అంబేద్కర్‌ను ఎక్కడ పెడతారు? 1935లో యేవలాలో హిందువుగా చనిపోనన్న మాట, 1956లో నాగపూర్‌లో బౌద్ధ దీక్ష. మధ్య 21 ఏళ్ల చదువు, లక్షల మంది ఒక్కసారిగా. మేడమ్ కాలమ్స్‌లో పడదు.

ఫిల్టర్_కాఫీ
టాపిక్ క్రైస్తవులు కదా, వదిలేయొచ్చు.

మల్లేశ్వరం_మేడమ్
వదిలేస్తే డీసీలో మొదటి ప్రశ్న అదే. పెడితే మీ "యూనిట్" కాలమ్ విరిగిపోతుంది. నేనైతే విరగనిస్తాను.

వేపేరి_వాసు
నేనైతే వేరే చాప్టర్ పెడతాను. దీక్షను చుట్టరికాల లెక్కలో కొలవడమే నాకు నచ్చదు.

తరమణి_బస్సు
గైడ్‌ను రెండూ అడిగి చూస్తాను. గురువారం అపాయింట్‌మెంట్.