రెండు ఖండాల ఊరిని ఏమనాలి? అసలు గీత ఎక్కడుంది?

సుధారాణి (కావలి): మా బడి పిల్లల క్విజ్ కోసం ప్రశ్నలు తయారుచేస్తున్నాను. పాత జీకే పుస్తకంలో "రెండు ఖండాలలో విస్తరించిన ఏకైక ఖండాంతర నగరం ఏది?" అని ఉంది. జవాబు ఇస్తాంబుల్. నాకు రెండు చోట్ల అనుమానం. "ఖండాంతర నగరం" అన్న మాట సరైనదేనా? "ఏకైక" అనొచ్చా? భాష తెలిసినవాళ్ళు, భూగోళం తెలిసినవాళ్ళు ఇద్దరూ చెప్పండి.

ప్రసాదశర్మ (నెల్లూరు, మూలాపేట): అమ్మా, మాట సంగతి నేను చెబుతాను. గ్రామాంతరం వెళ్ళాడంటే ఇంకో ఊరు వెళ్ళాడని. దేశాంతరం అంటే ఇంకో దేశం. ఆ లెక్కన ఖండాంతర నగరం అంటే ఇంకో ఖండంలో ఉన్న నగరం. మనకు న్యూయార్క్ ఖండాంతర నగరమే. రెండిట్లో ఉన్నదానికి "ఉభయఖండ నగరం" అనండి, ఉభయ గోదావరి జిల్లాలు అంటున్నాం కదా. ఇంకో మాట. ఖండం అంటే ఇంత పెద్ద భూభాగమని మన పాతవాళ్ళు అనుకోలేదు. సంకల్పంలో "జంబూద్వీపే భరతవర్షే భరతఖండే" అంటాం. పెద్దది ద్వీపం, దాని లోపలి ముక్క ఖండం.

ఖాజా (నెల్లూరు): మాట ఏదైనా పెట్టుకోండి, శర్మగారూ. ఖండాలు మనుషులు గీసినవి కావు. భూమి పైపొర పలకలుగా ఉంటుంది, ఒక్కో పలక ఒక్కో ఖండం. ఇస్తాంబుల్ కింద రెండు పలకలు కలుస్తున్నాయి. అందుకే అక్కడ అన్ని భూకంపాలు. ఇందులో చర్చించడానికి ఏముంది?

పెంచలయ్య (ఆత్మకూరు): ఏకైక అనేది మాత్రం తప్పు, మేడమ్. మా పెద్దోడు రష్యాలో ఓరెన్‌బుర్గ్‌లో ఎంబీబీఎస్ చదివాడు. అక్కడ ఉరల్ నది మీద నడిచి దాటే వంతెన ఉంది. ఇవతల యూరప్, అవతల ఆసియా అని రాసిన స్తంభం కూడా ఉంది. ఫోటో పంపించాడు. వాళ్ళ కాలేజీ, హాస్టలు అన్నీ యూరప్ పక్కేనంట. సెలవు రోజు వంతెన దాటి ఆసియాకి పోయి టీ తాగొచ్చేవాడు. అప్పుడు ఫీజు కట్టలేక నేను పడిన టెన్షన్ చెప్పాలంటే ఇంకో కథ.

మాలకొండయ్య (కందుకూరు): భూగోళం చెప్పి రిటైరయ్యాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఖాజా మాట. పలకలు ఉన్న మాట నిజం, ఇస్తాంబుల్‌కి భూకంప భయం ఉన్న మాటా నిజం. కానీ ఆ భయం తెచ్చే పగులు ఊరికి దక్షిణంగా, మర్మరా సముద్రం అడుగున తూర్పు పడమరలుగా పోతుంది. బోస్ఫరస్ జలసంధి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. అంటే ఊరి రెండు ముక్కలూ పగులుకి ఒకే వైపున, ఒకే పలక మీద ఉన్నాయి. బోస్ఫరస్ అనేది సముద్రం ఎక్కి ముంచేసిన పాత లోయ, అంతే. ఉరల్ కొండలు చూస్తే, కోట్ల ఏళ్ళ కిందట రెండు భూభాగాలు గుద్దుకుని అతుక్కున్న చోటు. ఇప్పుడు అటూ ఇటూ ఒకటే పలక. పలకలే ఖండాలైతే యూరప్, ఆసియా ఒకటే ఖండం కావాలి, మన ఇండియా ఆసియాలో ఉండకూడదు, అరేబియా ఇంకోటి కావాలి. పోనీ అది ఒప్పుకుంటావా?

యూరప్, ఆసియా విడదీసింది గ్రీకు నావికుల అలవాటు. వాళ్ళు ఏజియన్ సముద్రం నుంచి బోస్ఫరస్ మీదుగా నల్ల సముద్రంలోకి పోయేవాళ్ళు. ఎడమ చేతి వైపు గట్టు ఒక పేరు, కుడి చేతి వైపు గట్టు ఒక పేరు. నీళ్ళున్నంత వరకు ఇబ్బంది లేదు. నల్ల సముద్రం అవతల నేల మొదలవగానే గొడవ మొదలైంది. ఇప్పటి జార్జియాలో పారే ఫాసిస్ నది హద్దు అని కొందరు, ఉరల్‌కి చాలా పడమరగా రష్యాలో పారే డాన్ నది హద్దు అని కొందరు. ఆఫ్రికాతో కలిపి ఒకటే భూమికి మూడు ఆడపేర్లు ఎందుకు పెట్టారో, ఈ నదుల్ని ఎవరు హద్దుగా పెట్టారో తనకు అంతుబట్టలేదని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ అప్పుడే రాశాడు. చివరికి డాన్ నిలిచింది. వందల ఏళ్ళు అదే హద్దు. ఆ లెక్కన ఇవాళ పెంచలయ్య వాళ్ళబ్బాయి చదివిన ఊరు మొత్తం ఆసియానే.

పెంచలయ్య (ఆత్మకూరు): మరి స్తంభం ఎవరు పెట్టారు మేష్టారూ?

మాలకొండయ్య (కందుకూరు): దానికే వస్తున్నా. 1709లో పోల్తావా యుద్ధంలో స్వీడన్ ఓడిపోయి చాలామంది రష్యాకి చిక్కారు. వాళ్ళలో స్ట్రాలెన్‌బర్గ్ అనే అధికారి సైబీరియాలో ఏళ్ళ తరబడి బందీగా ఉన్నాడు. ఖాళీగా కూర్చోక ఆ ప్రాంతం పటాలు గీసుకున్నాడు. విడుదలై ఇంటికి పోయాక 1730లో స్టాక్‌హోంలో పుస్తకం వేసి, హద్దు డాన్ దగ్గర కాదు, ఉరల్ కొండల దగ్గర అన్నాడు. ఉరల్‌లో గనుల పని చూసిన తతీష్చెవ్ అనే రష్యన్ అధికారి, ఆ ఆలోచన అతనికి చెప్పిందే నేను అన్నాడు. కొండకి ఇటు పారే నదులు వోల్గాలో కలుస్తాయి, అటు పారేవి ఓబ్‌లో కలుస్తాయి, కాబట్టి కారణం చూపించడం కష్టం కాలేదు. అయితే ఇందులో రాజకీయం లేకపోలేదు. అంతకు కొన్నేళ్ళ ముందు చనిపోయిన పీటర్ చక్రవర్తి రష్యాని యూరప్ రాజ్యంగా నిలబెట్టాలని చూశాడు. గీత తూర్పుకి జరిగితే రష్యా అసలు గడ్డంతా యూరప్, సైబీరియా మాత్రం ఆసియాలో దాని వలస భూమి. రాజధానికి నచ్చే గీత.

చిక్కు దక్షిణాన వచ్చింది. ఉరల్ కొండలు ఉత్తరాన ఒకే వరుసగా ఉంటాయి. కిందికి వచ్చేసరికి నాలుగైదు వరుసలుగా విడిపోయి, తగ్గి మైదానంలో కలిసిపోతాయి. ఏ వరుసని హద్దు అనాలి? అందుకని కొండను వదిలి ఉరల్ నదిని పట్టుకున్నారు. అది కొండల తూర్పు వాలులో పుట్టి దక్షిణంగా మాగ్నితోగోర్స్క్ మీదుగా ఓర్స్క్ దాకా పోయి, పడమరకి తిరిగి ఓరెన్‌బుర్గ్‌ని తాకి, మళ్ళీ దక్షిణానికి తిరిగి కజకిస్తాన్‌లో అతిరావ్ ఊరి మధ్య నుంచి కాస్పియన్‌లో కలుస్తుంది. అందుకే ఈ నది మీద ఉన్న చాలా ఊళ్ళకి వంతెన దగ్గర "యూరప్, ఆసియా" బోర్డులు. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న మాగ్నితోగోర్స్క్‌లో అయితే ఫ్యాక్టరీ తూర్పు గట్టు, ఇళ్ళు ఎక్కువ పడమర గట్టు. ట్రామెక్కి రోజూ ఖండం దాటి డ్యూటీకి పోయేవాళ్ళు వేలల్లో ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. 1958లో సోవియట్ భూగోళ సంఘం కూర్చుని, నది హద్దు బాగాలేదు, మార్చండి అంది. నదికి అటూ ఇటూ అదే గడ్డిమైదానం, ఏ తేడా లేదు మరి. వాళ్ళు చెప్పిన గీత ఉరల్ కొండల తూర్పు పాదం వెంట, ముగోజార్ కొండల వెంట దిగి, ఎంబా నది పట్టుకుని కాస్పియన్ చేరుతుంది. ఎంబా అతిరావ్‌కి ఇంకా తూర్పున ఉంది. ఆ గీత ప్రకారం ఓరెన్‌బుర్గ్ రెండు గట్లూ యూరప్పే, అతిరావ్ రెండు గట్లూ యూరప్పే. సోవియట్ పాఠ్యపుస్తకాల్లో ఆ గీత ఎక్కింది, వంతెన మీది స్తంభాన్ని మాత్రం ఎవరూ పీకలేదు. పైగా ఎంబాలో నీళ్ళు చాలా ఏళ్ళు కాస్పియన్ దాకా చేరవు, మధ్యలోనే ఇంకిపోతాయి. అది ఏం హద్దు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రమణ (ఒంగోలు): మా అక్కావాళ్ళది కోవూరు. ఎవరైనా అడిగితే నెల్లూరే అంటారు. మీరు చెప్పేది ఇలాంటిదే కదా సార్? ఊరు ఒకటే, నది మధ్యలో.

మాలకొండయ్య (కందుకూరు): కొంచెం తేడా ఉంది, రమణా. కానీ మంచి ఉదాహరణే ఇచ్చావు. పెన్న ఖండాల హద్దు అనుకో. నెల్లూరు దక్షిణ గట్టున ఉంది, కోవూరు ఉత్తర గట్టున వేరే ఊరుగా ఉంది. ఇవాళ్టి లెక్కలో నెల్లూరు ఒకే ఖండం ఊరు. రేపు కోవూరుని కార్పొరేషన్‌లో కలిపేస్తూ జీవో వచ్చిందనుకో, అదే రోజు నెల్లూరు ఉభయఖండ నగరం అయిపోతుంది. నేల కదలలేదు, మునిసిపల్ హద్దు కదిలింది. ఈ జాబితాలు అలాగే తయారవుతాయి. ఈజిప్టులో పోర్ట్ సయీద్ చూడు. సూయజ్ కాలువ 1869లో తెరిచారు. పడమర గట్టున ఊరు ఆఫ్రికా. తూర్పు గట్టున పోర్ట్ ఫువాద్ తర్వాత కట్టారు, అది ఆసియా. అక్కడైతే మధ్యలో ఉన్నది నది కూడా కాదు, మనుషులు తవ్విన కాలువ.

ఖాజా (నెల్లూరు): సరే, పలకల సంగతి వదిలేద్దాం. కానీ ఐక్యరాజ్యసమితికి ఒక లెక్క ఉంటుంది కదా. అదే ఫైనల్ అనుకోవచ్చు.

మాలకొండయ్య (కందుకూరు): ఉంది, కానీ అది ఊళ్ళని, నదుల్ని చూడదు. దేశాన్ని చూస్తుంది. టర్కీ మొత్తం పశ్చిమాసియా, కజకిస్తాన్ మొత్తం మధ్యాసియా, రష్యా మొత్తం తూర్పు ఐరోపా. జపాన్ సముద్రం ఒడ్డున ఉన్న వ్లాదివొస్తోక్ తూర్పు ఐరోపాలో పడుతుంది, ఇస్తాంబుల్ పడమటి గట్టు పశ్చిమాసియాలో పడుతుంది. గణాంకాల సౌకర్యం కోసం చేసిన విభజన అని వాళ్ళే చెప్పుకున్నారు. ఫుట్‌బాల్ వాళ్ళది ఇంకో దారి. కజకిస్తాన్ ఆసియా సమాఖ్య వదిలి 2002లో యూరప్ సమాఖ్యలో చేరింది. చైనా సరిహద్దు దగ్గరి అల్మాటీ జట్టు యూరప్ కప్పులో ఆడుతుంది.

ప్రసాదశర్మ (నెల్లూరు, మూలాపేట): మన సంకల్పమే నయం. "కృష్ణా కావేర్యోర్మధ్యదేశే" అంటే చాలు, నెల్లూరు ఎటు తిరిగినా అందులోనే.

సుధారాణి (కావలి): అయితే "ఏకైక" తీసేస్తాను. "బోస్ఫరస్ జలసంధికి ఇరువైపులా, యూరప్ ఆసియాల్లో విస్తరించిన టర్కీ నగరం ఏది?" అని రాస్తే ఎవరికీ పేచీ ఉండదనుకుంటా. ఉభయఖండ నగరం అని పిల్లలకి చెబుతాను కానీ ప్రశ్నలో పెట్టను, అదే అర్థం కాక ఆగిపోతారు. మేష్టారూ, ఇంకోటి. "ఐరోపాలో ఎత్తైన శిఖరం" అని ఒక ప్రశ్న ఉంది. జవాబు ఎల్బ్రూస్, 5642 మీటర్లు. దానికీ ఈ గొడవ ఉందా?

మాలకొండయ్య (కందుకూరు): ఉందమ్మా. కాకసస్ కొండల నీటి విభజన రేఖని హద్దు అనుకుంటే ఎల్బ్రూస్ ఆ రేఖకి ఉత్తరాన పడుతుంది, జవాబు సరైనదే. ఆ 1958 గీత మాత్రం కాకసస్‌కి ఉత్తరంగా కూమా, మానిచ్ నదుల పల్లం పట్టుకుని పోతుంది. అప్పుడు ఎల్బ్రూస్ ఆసియాలోకి వెళ్ళి, ఆల్ప్స్‌లోని మో బ్లా పైకొస్తుంది. పర్వతారోహకులు ఎక్కువగా ఎల్బ్రూస్‌నే లెక్కపెడుతున్నారు.

పెంచలయ్య (ఆత్మకూరు): అంటే రష్యావోళ్ళు గీసిన గీత ప్రకారం వాళ్ళ కొండే యూరప్ నుంచి బయటికి పోయిందా? ఏందబ్బా ఇది.

మాలకొండయ్య (కందుకూరు): పోయింది. సుధారాణిగారూ, ఏ హద్దు ప్రకారమో ప్రశ్నలోనే రాసేయండి, లేకపోతే మో బ్లా అన్న పిల్లవాడికి కూడా మార్కు ఇవ్వండి.

ఖాజా (నెల్లూరు): రెండు జవాబులకీ మార్కు ఇస్తే అది క్విజ్ ఎట్లా అవుద్ది సార్? నేను ఒప్పుకోను.