స్టాఫ్ సరే, డేటాకి ఈజ్ పెట్టాలా, ఆర్ పెట్టాలా?

నెలనెలా లండన్‌కీ డాలస్‌కీ ఒకే మెయిల్ వెళ్తుంది. పాత టెంప్లేట్‌లో ‘ఆల్ స్టాఫ్స్ మస్ట్ మీట్ దిస్ క్రైటీరియాస్’ అని ఉంది. క్రైటీరియా అప్పటికే బహువచనం కాబట్టి చివరి ఎస్ తీసేసి ‘దీజ్ క్రైటీరియా’ చేశాం. షరతు ఒక్కటే అయితే క్రైటీరియన్. ఇందులో పేచీ లేదు.

స్టాఫ్ అంటే ఒక ఆఫీసులో పనిచేసే అందరూ. పదిమంది ఉన్నా స్టాఫ్స్ అవదు, ‘టెన్ స్టాఫ్ మెంబర్స్’ అవుతుంది. రెండు ఆసుపత్రుల సిబ్బందిని కలిపి చెబితే మాత్రం స్టాఫ్స్ తప్పు కాదు. బ్రిటన్‌లో ‘స్టాఫ్ ఆర్’ మామూలే, అమెరికాలో ఎక్కువగా ‘స్టాఫ్ ఈజ్’. ‘స్టాఫ్ మెంబర్స్ ఆర్’ అంటే ఇద్దరికీ సరిపోతుంది.

చిక్కంతా డేటాతోనే. మామూలు ఆఫీసు మెయిళ్లలో ‘డేటా ఈజ్’ రెండు దేశాల్లోనూ నడుస్తుంది. కానీ మా క్లయింటుది క్లినికల్ రీసెర్చ్, వాళ్ల రిపోర్టులన్నిటా ‘డేటా ఆర్’. వాళ్ల వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తే పైన ‘దీజ్ డేటా’, కింద మా ‘డేటా ఈజ్ అటాచ్డ్’ పడి మెయిల్ అతుకులబొంతలా ఉంటోంది. ‘డేటా ఫైల్ ఈజ్ అటాచ్డ్’ అని తప్పించుకోవచ్చు గానీ, ‘డేటా షో/షోస్’ దగ్గర ఆ దారీ లేదు. ఇలాంటి క్లయింట్లకు రాసేవాళ్లు మెయిలంతా ‘ఆర్’కి మారుస్తారా, లేక కోట్ చేసిన భాగం వరకే వదిలేస్తారా?